చర్మం మీది మచ్చకు ఫోటో ఎలా తీయాలి?

"మా అబ్బాయి చేతి మీద తెల్లమచ్చ ఉందండి. ఫోటో పంపితే రంగు తెలియడం లేదని డాక్టరుగారు అన్నారు. ఎలా తీయాలి?"

పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన అబ్బాయిని కూర్చోబెట్టి, గదిలోని ట్యూబులైటు, ఫోనులోని ఫ్లాషు, బ్యూటీ ఫిల్టరు మూడూ ఆపివేయండి. పగటి వెలుతురుతో ట్యూబులైటు కలిస్తే ఏ రంగును సరిచేయాలో కెమెరాకు తెలియదు. ఫ్లాషు ఎదురుగా కొడితే లేతమచ్చ కూడా పాలలా తెల్లగా కనిపిస్తుంది. ముదురు రంగు కర్టెను గానీ, ఎర్రచొక్కా గానీ దగ్గరలో ఉంటే దాని ఛాయ చర్మం మీద పడుతుంది. మచ్చకు రాసిన క్రీము, పౌడరు, ముఖ్యంగా పసుపు ముందుగానే కడిగి, తుడవడంలో వచ్చిన ఎరుపు తగ్గేదాకా కాసేపు ఆగండి.

మచ్చ పక్కన, అదే వెలుతురులో, చిన్న తెల్లకాగితం ముక్కను ఉంచండి. ఫోటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనబడితే మచ్చ రంగు కూడా అంతే మారిందని చూసేవారికి అర్థమవుతుంది. అయితే ఫోకస్ కోసం ఫోను తెర మీద తాకవలసింది కాగితాన్ని కాదు, మచ్చ అంచును. కాగితాన్ని తాకితే దాని తెలుపుకు తగ్గట్టు కెమెరా వెలుతురును తగ్గించి, చర్మాన్ని నల్లబరుస్తుంది. ఫోనును మరీ దగ్గరకు తీసుకువెళ్లకుండా, జానెడు దూరంలో నిలిపి 2x జూమ్ వాడండి. తీసిన ఫోటోను పెద్దది చేసి చూసినప్పుడు చేతి వెంట్రుకలు విడివిడిగా కనబడకపోతే మళ్లీ తీయాలి.

ఇంతవరకు చెప్పింది రంగు కోసం. గరుకుదనం కనబడాలంటే రెండో ఫోటో కావాలి. కిటికీ వెలుతురు చర్మాన్ని పక్కనుంచి రాసుకుంటూ పోయేలా చేతిని నెమ్మదిగా తిప్పితే, ఎదురు వెలుతురులో కలిసిపోయిన సన్నని పొట్టుకు చిన్న చిన్న నీడలు ఏర్పడతాయి. మచ్చకు రెండు వైపులా వేళ్లు పెట్టి చర్మాన్ని కొద్దిగా సాగదీసి ఇంకో ఫోటో కూడా తీయండి, ఎందుకంటే శోభి మచ్చ అయితే పొట్టు అప్పుడే బాగా బయటపడుతుంది. బొల్లి మచ్చ మామూలుగా నున్నగా, పొట్టు లేకుండా ఉంటుంది. డాక్టరుగారు రంగుతోపాటు వెతికేది ఈ తేడానే, కనుక నా ఉద్దేశంలో ఈ పక్కవెలుతురు ఫోటోయే అన్నిటికంటే విలువైనది.

మచ్చ చేతి మీద ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరాలు నలిగిపోతాయి కాబట్టి డాక్యుమెంటుగా జతచేసి పంపండి.

మచ్చ మీద స్పర్శ తెలుస్తోందో లేదో మాత్రం ఏ ఫోటోలోనూ కనబడదు. కుష్ఠువ్యాధిలోనూ లేతరంగు మచ్చలు వస్తాయి గనుక, అక్కడ తాకినప్పుడు అబ్బాయికి తిమ్మిరిగా ఉన్నా, స్పర్శ తగ్గినట్టున్నా, ఫోటో పంపి ఊరుకోకుండా నేరుగా తీసుకువెళ్లి చూపించండి.