నురగ కట్టిన నూనె, రెండు ఎత్తుగడలు

(అనంతపురంలో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది దుకాణానికి ఫేస్‌బుక్ పేజీ నడుపుతున్నారు. ఫోనులో పోస్టు మొత్తం కనిపించదని మీకు తెలుసు. రెండు మూడు వరుసల తర్వాత See more అని వస్తుంది. అందుకే మొదటి వాక్యం మీద ఇంత పట్టుదల. అలాంటి మొదటి వాక్యాలు, అంటే ఎత్తుగడలు, రెండు రాసుకుని ఏది మేలో ఎలా తేల్చాలో, మా బాబాయి గానుగ కథతో చెబుతాను. లెక్క సులువుగా ఉండేందుకు అంకెలను కొంచెం గుండ్రం చేశాను.

బాబాయి వేరుశనగ నూనె ఆడిస్తాడు. ఆయన రాసిన మొదటి వాక్యం ఇది: "మా గానుగ నూనె ఇప్పుడు అయిదు లీటర్ల డబ్బాలో దొరుకుతుంది." నేను రాసింది ఇది: "కొత్త గానుగ నూనె మూకుడులో నురగ కడుతోందా? అది కల్తీ కాదు." కింద ఉన్న వివరం, ఫొటో, ఆర్డరు పేజీ లింకు రెండింటికీ ఒక్కటే. ఫొటో కూడా మార్చి ఉంటే, గెలిచింది వాక్యమో ఫొటోనో ఎవరూ చెప్పలేరు.

మొదటిసారి తప్పు చేశాం. ఆయనది గురువారం పొద్దున, నాది ఆదివారం సాయంత్రం పెట్టాం. ఆయన పోస్టు 900 మందికి చేరింది, 27 మంది లింకు నొక్కారు. నాది 2,400 మందికి చేరింది, 48 మంది నొక్కారు. నలభై ఎనిమిది ఎక్కువ కదా అన్నాను నేను. బాబాయి కొడుకు లెక్క కట్టి, "నాన్నది నూటికి మూడు, నీది నూటికి రెండు. గెలిచింది నాన్నే" అన్నాడు.

వాడి భాగహారం సరైనదే, తీర్పు మాత్రం కాదు. నా పోస్టును కొందరు షేర్ చేశారు. దాంతో అది బాబాయి దుకాణం పేరే వినని వాళ్ల దాకా పోయింది. పేజీని అనుసరించే పాత ఖాతాదారు నొక్కినంతగా కొత్తవాడు నొక్కడు. రీచ్ పెరిగేకొద్దీ శాతం తగ్గడం మామూలే. పైగా ఆదివారం సాయంత్రం ఫోను చూసేవాళ్లు వేరు, గురువారం పొద్దున చూసేవాళ్లు వేరు. అంటే రెండు వాక్యాలను రెండు వేర్వేరు గుంపుల ముందు పెట్టి పోల్చాం.

రెండోసారి కొంత డబ్బు పెట్టి, ప్రకటనల విభాగంలో ఉండే A/B test వాడాం. అది జనాన్ని యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, ఒక్కో సగానికి ఒక్కో వాక్యాన్నే చూపిస్తుంది. రెండింటికీ సమానంగా ఖర్చు, ఏడు రోజులు. రెండు ప్రకటనలను ఊరికే పక్కపక్కన నడిపితే ఈ సమానత్వం ఉండదు. మొదట్లో కొంచెం ముందున్న దానికే డబ్బు ఎక్కువగా మళ్లిపోతుంది.

రెండో రోజుకే బాబాయి ఫోన్ చేశాడు. "నాది పద్నాలుగు, నీది తొమ్మిది. ఇక ఆపేద్దామా?" ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తు పెట్టుకోండి. రెండు వైపులా రీచ్ దాదాపు సమానంగా ఉంటే, మొత్తం క్లిక్‌లకు వర్గమూలం తీసి రెండింతలు చేయండి. తేడా అంతకు మించితేనే పట్టించుకోండి. మొత్తం 23, వర్గమూలం అయిదుకు కాస్త తక్కువ, రెండింతలు దాదాపు పది. ఆయనకున్న తేడా అయిదు. నాణెం ఎగరేసినా అంత తేడా వస్తుంది. ఎప్పుడు ఆపాలో కూడా ముందే అనుకోవాలి. రోజూ చూస్తూ, మనకు నచ్చిన అంకె కనిపించగానే ఆపితే ఈ లెక్కకు విలువ ఉండదు.

ఏడో రోజున ఆయనది 4,100 మందికి 62 క్లిక్‌లు, నాది 4,000 మందికి 98. మొత్తం 160, వర్గమూలం పన్నెండున్నర పైచిలుకు, రెండింతలు పాతిక. తేడా 36. ఇప్పుడు నురగ వాక్యమే మేలని చెప్పవచ్చు. మనసులో మాట చెప్పాలంటే, ఆ రోజు నేను కొంచెం గర్వపడ్డాను.

అయితే ఫలితాల పట్టికలో ఒక గడి నన్ను మోసం చేయబోయింది. అక్కడ Clicks (all), Link clicks అని రెండుంటాయి. మొదటి దానిలో See more నొక్కడం, లైకు కొట్టడం కూడా కలుస్తాయి. ప్రశ్నతో మొదలైన వాక్యానికి ఆ అంకె సహజంగానే ఉబ్బుతుంది. జవాబు చదువుకుని వెళ్లిపోయినవాళ్లు కూడా అందులో ఉంటారు. నేను పైన చెప్పినవన్నీ Link clicks మాత్రమే.

ఇంకా మిగిలిన చిక్కు ఆర్డర్లు. బాబాయి వాక్యం నుంచి తొమ్మిది, నా వాక్యం నుంచి పదకొండు వచ్చాయి. అదే లెక్క వేసి చూడండి, ఏమీ తేలదు. బాబాయి ఈ మాట పట్టుకున్నాడు. "నీ వాక్యం జనాన్ని పిలిచింది సరే, డబ్బాలు ఎవరివి ఎక్కువ పోయాయో ఇంకా తెలియదు కదా" అంటాడు. ఆయన అన్నది నిజమే. అందుకే వచ్చే నెల అవే రెండు వాక్యాలను ఇంకా ఎక్కువ రోజులు నడిపి, ఈసారి డబ్బాలు లెక్కపెట్టబోతున్నాం.