కటాఫ్ దగ్గర కనిపించే మెట్టు

శ్రోతలకు నమస్కారం.

ఇద్దరు విద్యార్థులు ఒకే పరీక్ష రాశారనుకుందాం. 60 మార్కులు లేదా అంతకంటే ఎక్కువ వస్తే స్కాలర్‌షిప్ వస్తుంది. ఒకరికి 60.2 వచ్చాయి, మరొకరికి 59.8. తెలివిలోనూ కష్టపడే గుణంలోనూ వీళ్లిద్దరికీ చెప్పుకోదగ్గ తేడా ఏముంటుంది? పరీక్ష రోజు నిద్ర చాలకపోయినా, ఒక ప్రశ్న తెలిసిన పాఠంలోంచి వచ్చినా ఆ మార్కులు తారుమారయ్యేవే. అయినా ఒకరికి స్కాలర్‌షిప్ వచ్చింది, ఇంకొకరికి రాలేదు. ఇలాంటి వాళ్లు వేలమంది ఉంటే, వాళ్ల సంపాదనను పదేళ్ల తర్వాత పోల్చి చూసే పద్ధతి ఒకటుంది. దాని పేరు రిగ్రెషన్ డిస్కంటిన్యుటీ. 1960లో అమెరికాలో థిసిల్‌త్వైట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మొదటిసారి వాడారు. వాళ్లు తీసుకున్నది కూడా ప్రతిభా స్కాలర్‌షిప్పుల పోటీనే.

స్కాలర్‌షిప్ సంపాదనను పెంచిందా అని అడిగితే, అందరికీ ముందు తోచే లెక్క వచ్చినవాళ్ల జీతాన్నీ రానివాళ్ల జీతాన్నీ పక్కపక్కన పెట్టడం. ఒక ఊహాలెక్క చేద్దాం. పరీక్ష రాసినవాళ్లందరి సగటు సంపాదన 100 అనుకోండి. కటాఫ్ దాటినవాళ్ల సగటు 114, దాటనివాళ్లది 90. తేడా 24. ఇదంతా స్కాలర్‌షిప్ చలవే అంటే పొరపాటు. 90 మార్కులు తెచ్చుకున్నవాళ్లు స్కాలర్‌షిప్ లేకపోయినా 30 మార్కులవాళ్ల కంటే ఎక్కువే సంపాదించి ఉండేవారు.

కాబట్టి 60 దగ్గరున్న కటాఫ్ గీతకు దగ్గరగా జరగాలి. మరీ దగ్గరగా, అంటే 59.8, 60.2 దగ్గరే ఆగిపోతే మనుషులు చాలరు. జీతాలు మనిషికీ మనిషికీ విపరీతంగా మారతాయి గనుక కొద్దిమంది సగటును నమ్మలేం. అందుకని అటు 5 మార్కులు, ఇటు 5 మార్కుల వరకు తీసుకుందాం. 55 నుంచి 60 లోపు వాళ్ల సగటు 99.5, 60 నుంచి 65 వాళ్లది 106.5 వచ్చిందనుకోండి. తేడా 7కి తగ్గింది. కానీ ఇందులోనూ కల్తీ ఉంది. ఒక్కో మార్కు పెరిగేకొద్దీ సంపాదన 0.6 చొప్పున పెరుగుతూ ఉంటే, రెండు గుంపుల మధ్య ఉన్న 5 మార్కుల దూరానికే 3 పోతుంది.

ఇప్పుడు మనసులో ఒక గ్రాఫ్ గీసుకోండి. అడుగున మార్కులు, నిలువుగా సంపాదన, ఒక్కో మార్కు దగ్గరి సగటుకు ఒక్కో చుక్క. కటాఫ్‌కు ఎడమవైపు చుక్కల మీదుగా ఒక వాలు గీత గీస్తే, అది 60 దగ్గరికి వచ్చేసరికి 101ని తాకుతుంది. కుడివైపు వాలు గీత 60 దగ్గర 105తో మొదలవుతుంది. నున్నగా ఎక్కుతున్న వాలులో అక్కడ ఒక మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు ఎత్తు 4. మనకు కావలసిన తేడా అదే. 5 మార్కులకు బదులు 3 తీసుకున్నా 8 తీసుకున్నా మెట్టు దాదాపు అంతే ఉండాలి. వెడల్పు మార్చినప్పుడల్లా జవాబు మారిపోతుంటే ఆ జవాబును నేనైతే బయటికి చెప్పను.

ఇంకొక మెలిక. గీత దాటిన అందరూ స్కాలర్‌షిప్ తీసుకోరు. కొందరు చదువే మానేస్తారు. గీతకు కింద ఉన్న కొందరికి ప్రత్యేక కోటాలో అదే స్కాలర్‌షిప్ దొరుకుతుంది. గీతకు పైన 85 శాతం మంది, కింద 5 శాతం మంది తీసుకున్నారనుకోండి. అంటే గీత దాటడం వల్ల పెరిగింది 80 శాతమే. సంపాదనలో వచ్చిన 4ను 0.8తో భాగిస్తే 5 వస్తుంది. గీత దాటబట్టే స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లకు కలిగిన లాభం అది. అయితే ఈ భాగహారం చెల్లాలంటే గీత దాటడం వల్ల స్కాలర్‌షిప్ తప్ప మరేదీ దక్కకూడదు. 1960 నాటి ఆ అధ్యయనంలో గీత దాటినవాళ్లకు దక్కింది డబ్బు కాదు, ఒక ప్రతిభా పత్రం, దాంతో వచ్చే పేరు. ఆ పేరు వల్లే వాళ్లకు ఇతర చోట్ల స్కాలర్‌షిప్పులు ఎక్కువగా దొరికాయి. ఒకే గీత డబ్బునూ పేరునూ కలిపి ఇస్తే, ఏది పని చేసిందో ఈ లెక్క విడదీయలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం వేరే ఉంది. గీత ఎక్కడుందో ముందే తెలిస్తే మనుషులు దాన్ని దాటే దారి వెతుక్కుంటారు. పేపర్లు దిద్దేవాళ్లు 59 చూసి జాలిపడి 60 వేస్తారు. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టగలిగినవాళ్లు కడతారు, మళ్లీ పరీక్ష రాయగలిగినవాళ్లు రాస్తారు. అలా గీత దాటినవాళ్లు ఇంట్లో అండ ఉన్నవాళ్లు, పట్టు వదలనివాళ్లు అయి ఉండొచ్చు. స్కాలర్‌షిప్ లేకపోయినా వాళ్లు ఎక్కువే సంపాదించేవాళ్లు. అప్పుడు మన మెట్టు స్కాలర్‌షిప్‌ది కాదు, వాళ్లది.

దీన్ని పట్టుకోవాలంటే జీతాల జోలికి వెళ్లకముందే తలలు లెక్కపెట్టాలి. ఒక్కో మార్కు దగ్గర సుమారు 400 మంది ఉంటూ, 59 దగ్గర 240కి పడిపోయి, 60 దగ్గర 560కి ఎగిస్తే, కిందివాళ్లు పైకి జరిగారని తెలిసిపోతుంది. ఈ పరిశీలనకు మెక్‌క్రేరీ అనే ఆర్థికవేత్త 2008లో ఒక గణాంక పరీక్షను తయారుచేశారు. తలిదండ్రుల ఆదాయాన్నీ పాత తరగతుల మార్కులనూ కూడా ఇదే గీత దగ్గర చూడాలి. స్కాలర్‌షిప్ గతాన్ని మార్చలేదు గనుక వాటిలో మెట్టు ఉండకూడదు. ఉంటే, రెండు పక్కలా ఉన్నది ఒకే రకం మనుషులు కాదు.

కొలంబియాలో 2014లో పేద విద్యార్థుల కోసం సెర్ పీలో పాగా అనే స్కాలర్‌షిప్ పెట్టారు. జాతీయ పరీక్షలో 500కి 310 కటాఫ్. ఆ ఏడాది పిల్లలు పరీక్ష రాసేశాకే ఈ పథకాన్ని ప్రకటించారు. 310 అనే అంకె కోసం ప్రత్యేకంగా ఎవరూ ప్రయత్నించే వీలే లేదు. అందుకే ఆ మొదటి బ్యాచ్ పరిశోధకులకు అంత విలువైనది.

సంపాదనను ఏ వయసులో కొలిచామన్నది కూడా చూడాలి. 21 ఏళ్లకు కొలిస్తే స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లు ఇంకా కాలేజీలోనే ఉంటారు, రానివాళ్లు ఉద్యోగాల్లో చేరి ఉంటారు. మెట్టు కిందికి కనిపించినా ఆశ్చర్యం లేదు. పన్ను రికార్డుల నుంచి జీతాలు తీసుకుంటే, విదేశాలకు వెళ్లినవాళ్లు అందులో ఉండరు. స్కాలర్‌షిప్ వల్లే ఎక్కువమంది వెళ్లి ఉంటే, బాగా సంపాదిస్తున్నవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. అందుకని రికార్డులో దొరకనివాళ్ల శాతంలో కూడా గీత దగ్గర మెట్టు ఉందేమో చూడాలి.

చివరిగా, మనకు దొరికిన ఆ 5 అనే అంకె 60 మార్కుల చుట్టుపక్కల ఉన్న పిల్లలది. 95 తెచ్చుకున్నవాళ్లకు స్కాలర్‌షిప్ ఎంత మేలు చేసిందో అది చెప్పదు. కటాఫ్‌ను 60 నుంచి 40కి దించాలా అని ప్రభుత్వం అడిగితే, 40 మార్కుల పిల్లల గురించి కూడా ఇందులో జవాబు లేదు. వాళ్ల దగ్గర ఇంతవరకు గీతే లేదు. దించాక ఏర్పడే కొత్త గీత దగ్గర మళ్లీ తలలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టాలి. నమస్కారం.