టమాటా ధర తెగేది ఎక్కడ?

శ్రీను: రికార్డింగ్ మొదలైందక్కా. ఈ రోజు సరఫరా, గిరాకీ, కూరగాయల ధర.

పద్మ: ఒక్కో ధరకి అమ్మేవాళ్ళు ఎంత ఇస్తారన్నది సరఫరా, ఒక్కో ధరకి కొనేవాళ్ళు ఎంత తీసుకుంటారన్నది గిరాకీ. ఆ రెండూ సరితూగే చోట ధర నిలబడుతుంది.

శ్రీను: అయిపోయిందా ఎపిసోడ్?

పద్మ: అసలు సంగతి టమాటా దగ్గర ఉంది. తెల్లారేసరికి మార్కెట్లో దిగిన సరుకు దిగినట్టే. రేటు బాగుందని ఆ పూటే చెట్టు ఇంకో కాయ కాయదు. రేటు బాగాలేదని పండిన కాయ ఆగదు, మెత్తబడిపోతుంది. సరుకు ఎంతన్నది కదలదు కాబట్టి ధరే కదలాలి.

శ్రీను: అంటే ఎక్కువ వచ్చిన రోజు రేటు తగ్గుతుంది, దాంతో డిమాండ్ పెరిగి...

పద్మ: ఆగు. డిమాండ్ పెరగలేదు.

శ్రీను: వచ్చింది, మొదలైంది.

పద్మ: ఇది ఊరికే మాటల పట్టింపు కాదు శ్రీనూ. రేటు తగ్గింది కాబట్టి కాస్త ఎక్కువ కొన్నారు, అంతే. గిరాకీ పెరగడమంటే, అదే రేటుకి జనం మునుపటికంటే ఎక్కువ అడగడం. వేరే కూర ప్రియమైపోయి అందరూ టమాటా వైపు మళ్ళితే అది పెరగడం. ఈ రెండూ కలిపేస్తే, తగ్గిన రేటు దానంతటదే మళ్ళీ ఎక్కేస్తుందని ఆశపడతాం.

శ్రీను: సరే. నా బాధ వేరే. పంట బాగా పండిన ఏడాదే రైతు ఎందుకు మునుగుతాడు?

పద్మ: లెక్క వేద్దాం. మామూలు రోజు 100 బుట్టలు వస్తాయి, బుట్ట 10 చొప్పున పోతాయి. మొత్తం 1000. ఈ రోజు 120 వచ్చాయనుకో. రేటు తగ్గినంత మాత్రాన ఎవరూ రోజూ రెట్టింపు టమాటాలు తినరు. ఆ చివరి 20 బుట్టలు కూడా పోవాలంటే ధర బాగా దిగాలి, 7 దాకా అనుకో. పైగా ఆ ధర చివరి 20 బుట్టలకే కాదు, 120కీ అదే.

శ్రీను: 840. ఎక్కువ అమ్మి తక్కువ తెచ్చుకున్నారు.

పద్మ: అదే 80 బుట్టలే వస్తే, ధర 15 దాకా పోయిందంటే మొత్తం 1200. ఇది కొత్త సంగతేం కాదు. ధాన్యం పంట పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుందని 1699లోనే చార్లెస్ డావెనంట్ అనే ఆర్థిక రచయిత ఇంగ్లండ్‌లో అచ్చేశాడు.

శ్రీను: మరి అందరూ కలిసి తక్కువ తేవచ్చుగా?

పద్మ: అందరూ తగ్గించాలి. ఒక్కడు తన రెండు బుట్టలు ఆపితే మార్కెట్ ధర కదలదు, వాడి రాబడి మాత్రం పోతుంది. అందుకే ఎవరూ ఆపరు.

శ్రీను: మా మావయ్య ఒకసారి పండిన కాయ పొలంలోనే వదిలేశాడు. చిన్నప్పుడు చూశాను. పిచ్చితనం అనుకున్నాను.

పద్మ: పిచ్చితనం కాదు శ్రీనూ. కోత కూలీ, బండి కిరాయి కలిపి బుట్టకి 5 అవుతుందనుకో. మార్కెట్లో 4 పలుకుతోంది. కోసినకొద్దీ బుట్టకి 1 నష్టం.

శ్రీను: కానీ విత్తనం, ఎరువు, అన్నాళ్ళ చాకిరీ?

పద్మ: అది కోసినా రాదు, వదిలినా రాదు. ఆ పొద్దున చూడాల్సింది ఇక పెట్టబోయే ఖర్చే. 6 పలికితే మాత్రం మొత్తం మీద నష్టమైనా కోయాలి, 1 మిగులుతుంది కాబట్టి.

శ్రీను: ... ఆయన ఆ రోజు గట్టు మీదే కూర్చున్నాడక్కా. ఎవరితోనూ మాట్లాడలేదు.

పద్మ: ఊఁ.

శ్రీను: తర్వాతి సారి టమాటా వేయలేదు. చుట్టుపక్కల వాళ్ళూ వేయలేదు.

పద్మ: అప్పుడు సరుకు తగ్గి రేటు ఎక్కి ఉంటుంది. అది చూసి అందరూ నారు పోస్తారు. నాటాక మొదటి కోతకి రెండు నెలలు దాటుతుంది. నాటిన రోజు రేటు చూసి నాటారు, అమ్మేది మాత్రం కోత రోజు రేటుకి. అందరి పంటా ఒకేసారి దిగుతుంది.

శ్రీను: దాచుకునే వీలుంటే?

పద్మ: ఉల్లిగడ్డకి కొంత ఉంది. బాగా ఆరబెడితే నెలల తరబడి నిలవుంటుంది, కాబట్టి ఈ రోజు సరుకుని ముందు రోజులకి జరపొచ్చు. రేటు ఇంత విసురుగా ఊగదు. కానీ దాచినవాళ్ళంతా ఒకేసారి బయటికి తీస్తే...

శ్రీను: డిమాండ్ పడిపోతుంది.

పద్మ: సరఫరా పెరుగుతుంది!

శ్రీను: అదే, అదే. అక్కా, కింద బెల్ కొడుతున్నారు.

పద్మ: చూసిరా. ఉల్లి లెక్క సగంలో ఉంది, నేను...