మచ్చీ అంటే ముద్దు, సాలా అంటే తిట్టు: ఎందుకలా?

"అన్నా, ఏ భాషలో చూసినా గొడవ ముదిరితే అమ్మనో అక్కనో ఎందుకు లాగుతారు? నన్నంటే ఊరుకుంటాను గానీ అమ్మనంటే చెయ్యి లేచిపోతుంది, ఎందుకు?"

నేను చెన్నై వేళచ్చేరిలో రూమ్‌లో ఉన్నప్పుడు మాతో ఒక బీహార్ కుర్రాడు ఉండేవాడు. ఇక్కడ ఫ్రెండ్స్ అంతా 'మచ్చీ', 'మచ్చాన్' అని పిలుచుకుంటారు కదా, దానికి అర్థమేంటని అడిగాడు. బావమరిది అని, అంటే మీ సాలా అని చెప్పేశాను. వాడి ముఖం మారిపోయింది. చుట్టరికం ఒకటే, కానీ హిందీలో బయటివాణ్ణి సాలా అంటే 'మీ అక్క నాది' అన్నట్టు.

మన 'ఏం బావా' మాత్రం ప్రేమే. తేడా పెళ్ళిళ్ళలో ఉంది. మన వైపు మేనరికాలు పాత అలవాటు, ఈ తరంలో పిల్లనిచ్చిన ఇంటికే వచ్చే తరంలో పిల్ల రావచ్చు, రెండిళ్ళూ సమానమే. ఉత్తరాదిలో చాలా కులాల్లో మేనరికం కుదరదు, పిల్లనిచ్చినవాళ్ళు తీసుకున్నవాళ్ళ ముందు ఒక మెట్టు కిందే ఉంటారు. అందుకే అక్కడ బావమరిదీ అనడమే తక్కువ చేయడం.

అలాగని మనకి ఈ బూతులు లేవా, బోలెడున్నాయి. ఎందుకంటే ఇంటి పరువుని ఆడవాళ్ళ ఒంటికి కట్టేసి మగాణ్ణి కాపలా పెట్టడం మనకీ ఉంది, కాపలా కాయలేకపోయావని అనడమే ఆ తిట్టు. తిట్టేది ఎదురుగా ఉన్న మగాణ్ణి, మురికి పడేది అక్కడ లేని ఆడమనిషి మీద. నాకు కడుపు మండేది అక్కడే.

2006 జూలై 9న బెర్లిన్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్, 110వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీని ఛాతీ మీద తలతో గుద్ది రెడ్ కార్డు తీసుకున్నాడు. అక్క గురించి అన్నానని మాతెరాజ్జీ తర్వాత ఒప్పుకున్నాడు. ఫిఫా గుద్దినవాడికి మూడు మ్యాచ్‌లు, అన్నవాడికి రెండు మ్యాచ్‌లు నిషేధం వేసింది. అంటే మాటని కూడా దాదాపు దెబ్బంత బరువుగానే చూశారు.

కానీ అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళు గుంపుగా నిలబడి ఒకరి అమ్మని ఒకరు తిట్టుకునే ఆట ఉంది, 'డజన్స్' అంటారు. ఎవరూ కొట్టుకోరు, పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. విలియం లాబోవ్ అనే భాషావేత్త హార్లెంలో దాన్ని గమనించి ఒక సంగతి పట్టుకున్నాడు: తిట్టు పచ్చి అబద్ధమని అందరికీ తెలిసినంతసేపే అది ఆట, నిజానికి దగ్గరగా వచ్చిందా, అవతలివాడు 'కాదు, అలా కాదు' అని సంజాయిషీ మొదలుపెడతాడు. ఆట పోయిందనడానికి అదే గుర్తు.

మా రూమ్‌లోనూ అదే చూశాను. రోజూ అమ్మల మీద ఏవేవో అనుకుని నవ్వుకునేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక రాత్రి అన్నం తింటుంటే ఒకడు ఇంకొకడితో, "మీ అమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోముతుందిగా, నువ్వు కూడా తోము" అన్నాడు. బూతు ఒక్క ముక్క లేదు. వాడు కంచం అక్కడే వదిలేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా మేడ మీదకి వెళ్ళిపోయాడు.