థీసిస్‌ని రెండు పేజీల పాలసీ బ్రీఫ్‌గా మార్చడం: జీవీఎంసీ టేబుల్ మీద ఏ కాగితం పెట్టాలి?

నమస్తే అండి. థీసిస్ సబ్మిట్ చేశారు, వైవా కూడా అయిపోయింది, అందులో తేలిన విషయం ఊళ్లో జనానికి పనికొస్తుందని మీకు గట్టిగా అనిపిస్తోంది. దాన్ని పట్టుకెళ్లి ఒక అధికారికి ఇవ్వాలి. ఆ ఇచ్చే కాగితాన్నే పాలసీ బ్రీఫ్ అంటారు, దాన్ని ఎలా తయారు చేయాలో ఈ వీడియోలో చూద్దాం. థీసిస్‌ని కుదిస్తే పాలసీ బ్రీఫ్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కుదిస్తే వచ్చేది అబ్‌స్ట్రాక్ట్. అది ఇంకో రీసెర్చర్ చదువుకోవడానికి పనికొస్తుంది, సంతకం పెట్టాల్సిన మనిషికి పనికిరాదు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే వెళ్దాం. విశాఖలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివే ఒక అమ్మాయి వీధుల్లో చేపలమ్మే ఆడవాళ్ల ఆదాయం మీద 140 పేజీల థీసిస్ రాసింది అనుకోండి. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ, గోపాలపట్నం, ఈ మూడు చోట్లా చోటుకి 20 మంది చొప్పున 60 మందితో మాట్లాడింది. థీసిస్ నేను ఊహించింది, ఇందులో వచ్చే రూపాయల లెక్కలు కూడా ఊహించినవే. ఆఫీసులు, చట్టాలు, పథకాలు మాత్రం నిజమైనవి.

[స్క్రీన్ మీద: థీసిస్ చివరి అధ్యాయం, "సూచనలు" పేజీ]

ఆ థీసిస్ చివర సూచనల్లో ఇలా ఉంది: "మత్స్యకార మహిళలకు ప్రభుత్వం తగిన మౌలిక సదుపాయాలు కల్పించాలి." వైవాలో దీన్ని ఎవరూ ప్రశ్నించరు. కానీ ప్రభుత్వం అంటే ఎవరండీ? చేపల ఐస్ బాక్సులకి, కియోస్కులకి, ఐస్ పెట్టె ఉన్న బండ్లకి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సాయం ఉంది, మహిళలకి అందులో 60 శాతం దాకా సబ్సిడీ, అది చూసేది మత్స్యశాఖ. రోడ్డు పక్కన షెడ్డు, కుళాయి, మురుగు కాలువ కావాలంటే జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ. ఫలానా చోట కూర్చుని అమ్ముకునే హక్కు సంగతికొస్తే టౌన్ వెండింగ్ కమిటీ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఏర్పడే ఆ కమిటీకి మున్సిపల్ కమిషనరే చైర్‌పర్సన్, సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. ఒక్క వాక్యంలో ముగ్గురి పని కలిపేసి ముగ్గురికీ ఇస్తే, ప్రతి ఒక్కరూ "ఇది మా పరిధి కాదు" అని పక్కన పెట్టడానికి మనమే దారి చూపించినట్టు.

అందుకే బ్రీఫ్‌లో ముందు రాయాల్సింది చివరి వాక్యం, అంటే మనం అడిగేది. ఎవరిని అడుగుతున్నాం, ఆ మనిషి తన సంతకంతో ఏం చేయగలరు, ఎప్పటిలోగా. మన ఉదాహరణలో ఇలా రాయొచ్చు:

[స్క్రీన్ మీద]
"ఈ మూడు చోట్లనీ తదుపరి టౌన్ వెండింగ్ కమిటీ సమావేశం అజెండాలో చేర్చాలనీ, నీడ, కుళాయి, మురుగు కాలువ ఏర్పాటుకి అంచనాలు తయారు చేయమని ఇంజనీరింగ్ విభాగాన్ని ఆదేశించాలనీ కమిషనర్ గారిని కోరుతున్నాం."

ఇందులో షెడ్డు కట్టమని లేదు, గమనించారా? కట్టాలంటే అంచనా, నిధులు, టెండరు కావాలి, ఒక కాగితం చూసి ఆ రోజే ఎవరూ ఒప్పుకోలేరు. అజెండాలో పెట్టమనడం, అంచనా వేయమనడం అయితే ఫైలు మీద రెండు లైన్లు రాస్తే అయిపోయే పని. ఐస్ బాక్సుల సంగతి ఇందులో కలపకండి, దానికి మత్స్యశాఖకి వేరే బ్రీఫ్ రాసుకోవచ్చు, అదే థీసిస్ నుంచి.

ఇక అంకెలు. థీసిస్‌లో రిగ్రెషన్ టేబుల్ ఉంటుంది, పక్కన స్టార్లు ఉంటాయి, దాన్ని అలాగే దించితే కమిషనర్ గారు చూడరు, చూడాల్సిన అవసరం కూడా ఆయనకి లేదు. ఆ టేబుల్ చెప్పేదాన్ని ఒక గంప లెక్కలోకి తేవాలి. ఆ 60 మంది లెక్కల్లో మధ్యలో ఉన్న ఆవిడని తీసుకుందాం. పొద్దున్నే హార్బర్‌లో 2,000 రూపాయల చేప కొంటుంది, అంతా మంచి ధరకి పోతే 2,600 వస్తుంది, అంటే మిగలాల్సింది 600. పదకొండు దాటేసరికి గంపలో పావు వంతు ఇంకా ఉంటుంది. మంచి ధరకి దాని విలువ 650, ఎండలో ఉంచలేక సగం ధరకి ఇచ్చేస్తుంది, 325 పోయింది. మిగలాల్సిన 600లో సగానికి పైగా నీడ లేకే పోతోంది. బ్రీఫ్‌లోకి వెళ్లాల్సిన అంకె ఇదొక్కటే. వయసు, చదువు, కుటుంబంలో ఎంతమంది, ఆ పట్టికలన్నీ థీసిస్‌లోనే ఉంటాయి, ఎవరైనా అడిగితే చూపించొచ్చు.

దాని కింద ఒకావిడ మాట, ఆవిడ అన్నట్టే పెట్టండి: "ఎండెక్కితే చేప మెత్తబడిపోద్ది బాబూ, ఇచ్చిన కాడికి అమ్ముకుని పోతాం." ఒక్క మాట చాలు. నాలుగైదు పెడితే పేజీ నిండిపోతుంది గానీ కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన విషయం ఉంది, ఎందుకంటే నాకు తెలిసి బ్రీఫ్‌లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. చిన్నగా రాయాలన్న తొందరలో "విశాఖలోని చేపలమ్మే మహిళలు సగం ఆదాయం కోల్పోతున్నారు" అని రాసేస్తాం. మనం మాట్లాడింది మూడు చోట్ల 60 మందితో, అదీ మనకి పరిచయం ఉన్నవాళ్ల ద్వారా, లాటరీ తీసి ఎంచుకున్నవాళ్లు కాదు. ఊరంతటికీ ఆ మాట అంటగట్టే హక్కు ఆ శాంపిల్ మనకి ఇవ్వదు. "ఈ మూడు చోట్ల మేం కలిసిన 60 మందిలో" అని రాస్తే నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే. పైగా మనం అడుగుతున్నది కూడా ఆ మూడు చోట్ల గురించే కాబట్టి అది సరిగ్గా సరిపోతుంది.

ఇంకోటి, ఐస్ పెట్టె ఉన్నవాళ్లకి నష్టం తక్కువని థీసిస్‌లో తేలింది అనుకోండి. మత్స్యశాఖకి రాసే బ్రీఫ్‌లో దాన్ని "ఐస్ పెట్టె ఇస్తే నష్టం తగ్గుతుంది" అని రాయాలని చేయి లాగుతుంది. కానీ పెట్టె కొనుక్కోగలిగినవాళ్లు ముందు నుంచే కాస్త డబ్బున్నవాళ్లు కావచ్చు, మంచి చేప ఎంచుకుని కొనగలరు, వాడుక ఇళ్లు కూడా ఎక్కువ ఉండొచ్చు. పెట్టె వల్ల ఎంత, డబ్బు వల్ల ఎంత అన్నది ఈ థీసిస్ విడదీయలేదు. ఆ సంగతి చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా, ఆ అంకె పక్కనే ఒక వాక్యంలో రాయండి. మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు మన కాగితం సమర్థించుకోలేకపోతే దాన్ని నమ్మి ముందుకు తీసుకెళ్లిన అధికారి ఇబ్బంది పడతారు, మళ్లీ మన మాట వినరు.

ఇప్పుడు పేజీ మీద వరస. థీసిస్‌లో పరిచయం, సాహిత్య సమీక్ష, పద్ధతి, ఫలితాలు, చివరికి సూచనలు. బ్రీఫ్‌లో అది తిరగబడుతుంది. మొదటి పేజీ పైన మూడు వాక్యాల్లో సమస్య, అంకె, మనం అడిగేది. దాని కింద ఆధారం. ఆ తర్వాత ఎవరు, ఏం, ఎప్పుడు. పద్ధతి గురించి రెండు లైన్లు రెండో పేజీ అడుగున, సాహిత్య సమీక్ష అసలు ఉండదు. కెనడాలో ఆరోగ్య సేవల పరిశోధనకి నిధులిచ్చే ఒక ఫౌండేషన్ తన రీసెర్చర్లకి 1:3:25 అని ఒక పద్ధతి పెట్టింది: ఒక పేజీ ముఖ్యాంశాలు, మూడు పేజీల సారాంశం, 25 పేజీల రిపోర్టు. మన దగ్గర ఆ ఒక్క పేజీకే ఎక్కువ విలువ, ఎందుకంటే కింది సెక్షన్‌లో ఫైలు పెట్టేవాళ్లు నోట్ రాసేటప్పుడు మన వాక్యాలనే తీసుకుంటారు. అందుకని వాళ్లు ఉన్నదున్నట్టు నోట్‌లో దించుకోగలిగేలా మన వాక్యాలు ఉండాలి.

ఖర్చు గురించి. అంచనా తెలియదు కదా అని ఇంటర్నెట్‌లో దొరికిన అంకె ఏదో వేసేయకండి. ఆ వార్డు చూసే అసిస్టెంట్ ఇంజనీర్‌ని కలిసి, ఇంత కొలతల షెడ్డుకి, ఒక కుళాయి కనెక్షన్‌కి ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వ పనులకి ఖరారు చేసిన రేట్ల ప్రకారం ఎంతవుతుందో అడగండి. ఉజ్జాయింపుగా చెప్తారు, దాన్ని ఉజ్జాయింపు అనే రాయండి. అక్కడ డ్రెయిన్ లేదనో, ఆ స్థలం ఆర్ అండ్ బీ వాళ్లదనో కూడా ఆ మాటల్లోనే తెలుస్తుంది. స్థలం జీవీఎంసీది కాకపోతే మనం అడిగే వాక్యమే మారిపోవాలి, కాబట్టి ఈ పని ఆఖరికి వదలొద్దు.

ఇచ్చే సమయం కూడా చూసుకోవాలి. మున్సిపల్ బడ్జెట్ ఏప్రిల్ నుంచి మొదలవుతుంది, కసరత్తు అంతకుముందు నెలల్లోనే జరుగుతుంది, కాబట్టి డిసెంబర్‌లో ఇచ్చిన కాగితానికీ మే నెలలో ఇచ్చిన కాగితానికీ చాలా తేడా ఉంటుంది. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, చేప తక్కువ వస్తుంది, అమ్మకాలు తగ్గుతాయి. షెడ్డు పనులు ఆ 61 రోజుల్లో పెట్టుకుంటే వాళ్ల వ్యాపారానికి ఇబ్బంది తక్కువ. ఈ ఒక్క వాక్యం బ్రీఫ్‌లో ఉంటే, రాసినవాళ్లకి ఈ పని తెలుసు అని చదివేవాళ్లకి అర్థమవుతుంది.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. మీ గైడ్‌కి కాకుండా, ఏదైనా ఆఫీసులో పనిచేసే బాబాయికో పిన్నికో మొదటి పేజీ ఇచ్చి, ఒక నిమిషం తర్వాత తీసేసుకుని, "ఇందులో ఎవరిని ఏం చేయమన్నారు?" అని అడగండి. "చేపలమ్మేవాళ్ల కష్టాల గురించి ఏదో ఉంది" అంటే అడిగేది పైకి రాలేదన్నమాట. "మూడు చోట్ల షెడ్లకి అంచనా వేయించమని కమిషనర్‌ని అడిగారు" అంటే సరిపోయింది.

ఇచ్చే ముందు ఇంకో పని మిగిలి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. బ్రీఫ్‌లో మూడు చోట్ల పేర్లు రాశాం. రాసినవాళ్లం మేలు కోసమే రాశాం, కానీ ట్రాఫిక్‌కి అడ్డమని ఎవరో ఎప్పటి నుంచో ఫిర్యాదు చేస్తున్న చోటు అయితే, అదే కాగితం చూసి "ఇక్కడ ఇంతమంది కూర్చుంటున్నారా" అని ఖాళీ చేయించే ప్రమాదం ఉంది. వీధి వ్యాపారుల చట్టం సెక్షన్ 3 ప్రకారం సర్వే పూర్తయి, అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ సంగతి బ్రీఫ్‌లో ఒక లైనుగా రాయండి. అంతకంటే ముందు ఆ చోట్లకి వెళ్లి, ఇలా మీ చోటు పేరు రాసి ఆఫీసులో ఇస్తున్నాం, ఇబ్బంది రావొచ్చు కూడా, రాయమంటారా అని వాళ్లనే అడగండి. ఒక చోటివాళ్లు వద్దంటే ఆ చోటు తీసేసి, "రెండు చోట్ల 40 మంది" అని మార్చి, గంప లెక్క ఆ 40 మందికి మళ్లీ వేసుకుని, అప్పుడు ప్రింట్ తీయండి. రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకటి వాళ్లకి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. తర్వాత ఫైలు ఎక్కడుందని అడగడానికి ఆ నంబరే కావాలి.