పీ విలువ రైటే, వాక్యమే తప్పు: ఒక్క పేరా దిద్దుదాం

నమస్కారమండీ. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టుల కట్టలు టేబుల్ మీదికి వచ్చేశాయి కదా. ఈ వీడియోలో వాటిలోని ఫలితాల విభాగం నుంచి ఒక్క పేరా తీసుకుని దిద్దుదాం. ఎర్ర పెన్ను తెచ్చుకోండి.

రిపోర్టు చోడి అంబలి మీద. కృష్ణా, గుంటూరు వైపు చూస్తున్నవాళ్ళకి చెబుతున్నా, చోడి అంటే మీ రాగే. హాస్టల్ పిల్లలకి మూడు నెలలు రోజూ ఒక గ్లాసు అంబలి పోసి, హిమోగ్లోబిన్ ఎంత మారిందో కొలిచారు. అమ్మాయిలు 50 మంది, అబ్బాయిలు 50 మంది. అటూ ఇటూ చీటీలు తీసి 25 మందికి అంబలి ఇచ్చారు, మిగతా 25 మందికి మామూలు తిండే. ఈ అంకెలు పాఠం కోసం నేను కట్టినవి. వాక్యాలు మాత్రం ఏటా నేను చదివేవే.

ఇదిగో, స్క్రీన్ మీద పేరా. చదువుతున్నాను.

"అమ్మాయిల్లో అంబలి తాగినవారికీ తాగనివారికీ తేడా 0.7 గ్రాములు, p = 0.04. కనుక అంబలి పనిచేస్తుందనడానికి 96 శాతం అవకాశం ఉంది. హిమోగ్లోబిన్ గణనీయంగా పెరిగింది. అబ్బాయిల్లో తేడా 0.6 గ్రాములు, p = 0.08. కనుక అబ్బాయిల మీద అంబలి ప్రభావం లేదు. దీన్నిబట్టి అంబలి అమ్మాయిలకే పనిచేస్తుందని తేలింది."

గ్రాములంటే డెసిలీటరుకి గ్రాములు. ముందు లెక్క చూద్దాం. ప్రతి గుంపులోనూ ప్రామాణిక విచలనం 1.2 అని పట్టికలో ఉంది. గుంపుకి 25 మంది కనుక తేడాకి ప్రామాణిక దోషం 0.34 వస్తుంది. 0.7ని దానితో భాగిస్తే 2.06. స్వాతంత్ర్య పరిమితులు 48కి p 0.04 సరిపోయింది. అబ్బాయిలది 1.77, p 0.08, అదీ సరిపోయింది. లెక్కలో తప్పు లేదు, టిక్ పెట్టేయండి. చాలామంది ఇక్కడితో పెన్ను మూసేసి పూర్తి మార్కులు వేసేస్తారు. మా స్టాఫ్ రూమ్‌లో దీని మీద ఏటా గొడవే.

ఇప్పుడు ఆ 96 శాతం. p అంటే ఏమిటి? అంబలికి ఏ ప్రభావమూ లేదని ముందు అనుకుంటాం. అలా అనుకున్నాక, కేవలం చీటీల వాటం వల్ల ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్ద తేడా గానీ వచ్చే అవకాశమే p. ఆ నాలుగు శాతం "ప్రభావం లేదు" అనే ఊహ లోపల కూర్చుని వేసిన లెక్క. అలాంటప్పుడు ఆ ఊహ తప్పయ్యే అవకాశం ఎంతో అదెలా చెబుతుంది? మన ఊరి మాటలోనే చెబుతాను. సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. అది ఖాయం. మరి మూడు లాంతర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారని ఫోన్ వస్తే, ఇవాళ సిరిమానోత్సవం అని అంతే ఖాయంగా అనగలమా? పండగ బజారు కావచ్చు, మీటింగు కావచ్చు. ఒకవైపు నుంచి వేసిన అవకాశాన్ని తిరగేసి చదవకూడదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో విడుదల చేసిన ప్రకటనలో ఈ మాట విడిగా చెప్పింది: పరికల్పన నిజమయ్యే అవకాశాన్ని p కొలవదు అని.

మార్జిన్‌లో ఉత్తినే "తప్పు" అని రాస్తే విద్యార్థికి ఏమీ అందదు. "100 నుంచి 4 తీసేసి ఏం కనుక్కున్నావు? p ఏ ఊహ మీద లెక్కగట్టింది?" అని రాయండి. ఆ తీసివేత ఎక్కడ కనబడినా తప్పు అక్కడే ఉంటుంది.

"గణనీయంగా పెరిగింది" అన్న మాటలో నేరం సగం మనదే. తెలుగు మీడియం పుస్తకాల్లో మనం సార్థకత, సార్థకతా స్థాయి అని చదువుకున్నాం. కుర్రాడు సిగ్నిఫికెంట్ అనే మాటని వాడుక తెలుగులోకి దించాడు, గణనీయం అయింది. గణనీయం అంటే చదివేవాడికి చాలా ఎక్కువ అనే కదా. p ఆ మాట చెప్పదు. ఎంత పెరిగిందో తెలియాలంటే 95 శాతం విశ్వాస అంతరం చూడాలి. అమ్మాయిల్లో అది 0.02 నుంచి 1.38 దాకా. కింది కొస చూడండి, 0.02. హిమోగ్లోబిన్ మీటరు ఒక దశాంశ స్థానం దాకానే చూపిస్తుంది. అంత చిన్న మార్పు మీటరుకే ఆనదు. పై కొస మాత్రం పెద్దదే. రెండింటిలో ఏది నిజమైనా ఈ డేటాతో సరిపోతుంది. అంతరం రాయనందుకు ఒక మార్కు తీసేస్తాను.

అబ్బాయిల దగ్గరికి వద్దాం. p = 0.08 కనుక ప్రభావం లేదన్నాడు. వాళ్ళ అంతరం −0.08 నుంచి 1.28. సున్నా లోపలుంది, నిజమే. దాంతోపాటు 1.2 కూడా లోపలుంది. "ప్రభావం లేదు" అనాలంటే అంతరం సున్నా చుట్టూ బిగుసుకుని, పనికొచ్చే మార్పులన్నీ బయట మిగలాలి. ఇక్కడ అలా లేదు. ఈ 50 మందితో తేల్చలేకపోయాం, అంతే. సున్నాని కాదనడానికి ఆధారం చాలలేదని రాస్తే ఒప్పుకుంటాను.

చివరి వాక్యం అన్నిటికంటే మాయది, ఎందుకంటే చాలా తెలివిగా వినిపిస్తుంది. అమ్మాయిల్లో 0.05 గీతకి ఇవతల, అబ్బాయిల్లో అవతల, కనుక ఇద్దరికీ తేడా ఉందట. మరి ఆ తేడాని పరీక్షించాడా? లేదు. మనం చేద్దాం. 0.7లోంచి 0.6 పోతే 0.1. రెండు తేడాల మధ్య తేడా కనుక ప్రామాణిక దోషం పెరుగుతుంది. 0.34ని వర్గమూలం రెండుతో గుణిస్తే 0.48. ఆర్‌లో ఒక్క లైను:

```
2 * pt(-0.1/0.48, df = 96)
```

వచ్చేది 0.84. అమ్మాయిలకీ అబ్బాయిలకీ అంబలి వేరేగా పనిచేస్తుందనడానికి ఈ డేటాలో ఆధారమే లేదు. ఇద్దరికీ ఒకేలా పనిచేస్తుందని కూడా తేలలేదు లెండి, ఆ అంతరం −0.85 నుంచి 1.05 దాకా సాగింది. ఒకటి సార్థకం, ఇంకొకటి కాదు అన్నంత మాత్రాన ఆ రెండిటి తేడా సార్థకం కానక్కర్లేదని గెల్మన్, స్టెర్న్ 2006లో ఒక వ్యాసమే రాశారు. దిద్దేటప్పుడు గుర్తుపట్టడం తేలిక. "వీళ్ళకి పనిచేసింది, వాళ్ళకి చేయలేదు" అని కనబడగానే, రెండు గుంపుల్నీ నేరుగా పోల్చిన p ఒకటి ఎక్కడైనా ఉందా అని వెతకండి. ఈ పేరాలో రెండు p విలువలున్నాయి. కావలసిన మూడోది లేదు.

ఇక మార్కులు, మొత్తం పదికి. పట్టిక, పరీక్ష, లెక్క: నాలుగుకి నాలుగు. అంకెలు నివేదించడం: రెండుకి ఒకటి. అర్థం చెప్పడం నాలుగు మార్కులు. ముందు నేను సున్నా వేశాను. మళ్ళీ చదివితే, తేడా ఎంతో గ్రాముల్లో రాసి ఆ తర్వాతే p రాశాడని గమనించాను. ఆ పని చేసేవాళ్ళు తక్కువ, ఒక మార్కు ఇచ్చాను. మొత్తం ఆరు. ఆఖరి తప్పు ముందు తప్పుల్లోంచే పుట్టింది కదా, రెండుసార్లు కోయడం ఎందుకని మీరు అడగొచ్చు. అది వేరే తప్పండీ. ముందు వాక్యాలన్నీ సరిగ్గా రాసినా, ఆ పోలిక చేయకుండా ఈ మాట అనకూడదు.

పేరా కింద నేను రాసి పంపిన చీటీ ఇది: "అబ్బాయిల వాక్యం, చివరి వాక్యం మళ్ళీ రాయి. p చెరిపేయకు. పక్కన అంతరం పెట్టు. మూడో పోలిక చేసి సోమవారం చూపించు."