జలుబు మాత్ర వెనకవైపు ఏముంది?

అధ్యక్షులకు, సభకు నమస్కారం. పొగడ్తలు ఇంతటితో సరి, విషయానికొస్తాను. మీలో ఎవరి సంచిలోనైనా జలుబు మాత్రల స్ట్రిప్ ఉంటే బయటికి తీయండి. ముందున్న పెద్దక్షరాల పేరు వదిలేసి, వెనకున్న సన్నక్షరాలు చదవండి.

ముక్కు దిబ్బడకు వేసేది డీకంజెస్టెంట్. ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఈ రకం. ముక్కులోపల ఉబ్బిన రక్తనాళాలను కుదించడం దీని పని. ఒళ్లంతటికీ పోతుంది కాబట్టి బీపీ పెంచవచ్చు, నిద్ర చెడగొట్టవచ్చు. అన్నట్టు, మాత్రగా మింగిన ఫినైలెఫ్రిన్ దిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం 2023లో తేల్చింది. అయినా ఎన్నో మాత్రల్లో అదే ఉంటుంది!

తుమ్ములకూ నీళ్లలా కారే ముక్కుకూ యాంటీహిస్టమిన్. జలుబు మాత్రల్లో తరచు కనిపించేది క్లోర్‌ఫెనిరమిన్. ఇది మత్తు తెస్తుంది, నోరెండిపోతుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లలో మూత్రం బిగబట్టేస్తుంది. పొడిదగ్గుకు ఇచ్చే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మెదడులోని దగ్గు కేంద్రాన్ని అణచిపెడుతుంది. కఫం కరిగించడం దాని పని కాదు. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు డాక్టరునడగకుండా దాని జోలికి పోకూడదు.

ఇప్పుడు నా అసలు గొడవ. ఈ మూడింటి పక్కన, పిలవని పేరంటంలా పారాసెటమాల్ ఉంటుంది. జ్వరం లేకపోయినా సరే, జలుబు మాత్రతోపాటు అదీ లోపలికి పోతుంది.

ఒక లెక్క వేద్దాం. పెద్దమనిషికి జ్వరం. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలు రెండేసి, రోజుకు నాలుగుసార్లు వేసుకున్నాడు. మొత్తం 4,000. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజంతటికీ గరిష్ఠ హద్దు అదే. ముక్కు కారుతోందని జలుబు మాత్ర మూడుసార్లు వేసుకున్నాడు. ఒక్కోదానిలో 500 ఉంటే మరో 1,500. వెరసి 5,500. ఏ లేబులు చెప్పిన మోతాదునూ దాటలేదు, గమనించారా? విడివిడిగా చూస్తే రెండూ సరైన మోతాదులే. రాత్రికి దగ్గు సిరప్ తాగాడనుకోండి, అందులోనూ క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే మత్తు రెట్టింపు. పొద్దున్నే బండి నడిపితే?

పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోతే కాలేయ కణాలు చచ్చిపోతాయి. మద్యం అలవాటున్నవాళ్లకు, తిండి సరిగా తిననివాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. మొదటిరోజు కాస్త వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు, అక్కడే మోసపోతాం.

అందుకని రెండో మందు కొనేముందు రెండు స్ట్రిప్పుల వెనకవైపులూ పక్కపక్కన పెట్టి, ఒకే పేరు రెండుచోట్ల కనబడితే ఒకటి పక్కన పెట్టండి. దిబ్బడ ఒక్కటే ఉంటే దిబ్బడ మందే అడగండి. మోతాదు మించిందని తెలిస్తే వాంతులకోసం, కామెర్లకోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి, స్ట్రిప్పులన్నీ వెంట తీసుకుని వెళ్లండి. విరుగుడుగా ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్‌ను, పారాసెటమాల్ మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.